కవలలకు బహుమతి: ఒకటే రెండు కొనకుండా ఇద్దరినీ మెప్పించడం ఎలా?

కవల పిల్లల పుట్టినరోజుకు పిలుపు వస్తే చుట్టాలు రెండు రకాలుగా బయటపడుతుంటారు. కొందరు దుకాణంలో ఒక బొమ్మను ఎంచుకుని, ‘ఇలాంటిదే ఇంకొకటి ఇవ్వండి’ అంటారు. మరికొందరు పెద్ద పెట్టె ఒకటి తెచ్చి ఇద్దరి మధ్యలో పెట్టి, ‘కలిసి ఆడుకోండమ్మా’ అంటారు. మొదటి పద్ధతిలో గొడవ రాదు కానీ, ఎవరి కోసం తెచ్చారన్నది ఆ బొమ్మలో ఎక్కడా కనిపించదు. రెండోది ఇంకా అన్యాయం. మామూలు పిల్లవాడికి పుట్టినరోజుకు ఒక బహుమతి వస్తే, కవలకు సగం వస్తుంది.

ఇద్దరికీ వేర్వేరు వస్తువులు ఇచ్చి కూడా గొడవ లేకుండా గట్టెక్కవచ్చు. పిల్లలు కంటితో చూసి లెక్కపెట్టగలిగేవన్నీ సమానంగా ఉండాలి. పెట్టె లోపల ఉన్నది మాత్రం ఎవరి ఇష్టాన్ని బట్టి వారికి ఉండాలి. ఇది ఎలా చేయాలో ఒక ఉదాహరణతో చూద్దాం. హనుమకొండలో ఉంటున్న ఇద్దరు ఆడపిల్లలకు ఆరేళ్లు నిండుతున్నాయి. ఇద్దరిదీ ఒకే పోలిక. పేర్లు శ్రావ్య, సహజ అనుకుందాం (మనవాళ్లు కవలలకు పేర్లు కూడా జతగానే పెడతారు మరి). మీరు కరీంనగర్ నుంచి వస్తున్న మేనత్త. ఇద్దరికీ కలిపి 1500 రూపాయల వరకు పెట్టగలరు.

ముందు వయసు చూడండి

పిల్లలకు మూడేళ్లు దాటకపోతే ఇక్కడ చెప్పే శ్రమ అంతా అక్కర్లేదు. ఆ వయసులో పక్కవారి చేతిలో ఉన్నదే కావాలనిపిస్తుంది. అది ఇష్టం కాదు, కంటికి కనిపించింది కాబట్టి పుట్టిన కోరిక. అలాంటి వారికి ఒకే రకం బొమ్మలు రెండు రంగుల్లో తీసుకోండి, చాలు. నోట్లో పెట్టుకుంటే గొంతులో ఇరుక్కునే చిన్న చిన్న భాగాలు లేనివి మాత్రమే కొనండి.

నాలుగేళ్లు వచ్చేసరికి పరిస్థితి మారుతుంది. ‘నాకెందుకు తక్కువ?’ అన్న ప్రశ్న అప్పటికే మొదలై ఉంటుంది. ‘ఇది నాకు నచ్చింది’ అన్న మాట కూడా అప్పుడే గట్టిగా వినిపిస్తుంది. ఈ గైడు ముఖ్యంగా నాలుగు నుంచి పదేళ్ల మధ్య పిల్లల కోసం.

తల్లిని సరైన ప్రశ్న అడగండి

మీరు ఫోను చేసి ‘పిల్లలకు ఏం తేవాలి?’ అంటే మీ మరదలు చెప్పే జవాబు ముందే తెలుసు: ‘ఏదైనా సరే వదినా, ఇద్దరికీ ఒకటే తెండి. లేకపోతే కొట్టుకుంటారు.’ ఆమెను తప్పుపట్టలేం. రోజూ ఆ తగవులు తీర్చేది ఆమే. కాబట్టి ఆ ప్రశ్న అడగకండి. ఇలా అడగండి: బడి నుంచి రాగానే సంచీ పడేసి శ్రావ్య ముందుగా ఎటు వెళుతుంది? సహజ ఎటు వెళుతుంది? ఒకరికి జ్వరం వచ్చి పడుకున్నరోజు రెండో పిల్ల ఒంటరిగా ఏం చేసింది?

ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబు చాలా విలువైనది. కవలలు కలిసి ఉన్నంతసేపు ఆట ఒకరిది, అనుసరణ ఇంకొకరిది కావచ్చు. ఇద్దరూ వంటింటి ఆట ఆడుతున్నారంటే ఇద్దరికీ అదే ఇష్టమని కాదు. ఒకరు వండుతుంటే రెండోవారు ఊరికే పక్కన కూర్చుని ఉండవచ్చు. తోడు లేనప్పుడు చేసే పనిలోనే సొంత ఇష్టం బయటపడుతుంది.

మన ఉదాహరణలో తల్లి ఇలా చెప్పిందనుకోండి. శ్రావ్యకు గులకరాళ్లు, గింజలు, ఈకలు ఏరే అలవాటు ఉంది. భద్రకాళి చెరువు కట్ట మీదకు తీసుకువెళితే గౌను జేబులు నింపుకుని వస్తుంది. సహజ బొమ్మలకు పాత గుడ్డలు చుట్టి, చీరలని చెప్పి, వాటితో గొంతు మార్చి మాట్లాడిస్తూ ఉంటుంది. ఇంత తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇంట్లో ఇప్పటికే ‘ఈమె చదువుల పిల్ల, ఆమె ఆటల పిల్ల’ అన్న ముద్రలు ఉంటాయి. ఆ ముద్రను చూసి కొనకండి. ఒకరికి ఎప్పుడూ పుస్తకాలు, మరొకరికి ఎప్పుడూ బంతులు ఇస్తూ పోతే, పుస్తకాల పిల్లకు బంతి పట్టుకునే అవకాశమే రాదు. తల్లి ‘ఆమె చదువుతుంది’ అంటే ‘ఏం చదువుతుంది, ఈ వారం ఏం చేసింది?’ అని ఇంకో మెట్టు దిగి అడగండి. ముద్రలు ఏళ్ల తరబడి ఉంటాయి. పిల్లల ఇష్టాలు మాత్రం ఆరు నెలలకే మారిపోవచ్చు. ఒకరు అబ్బాయి, ఒకరు అమ్మాయి అయిన కవలల విషయంలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. అబ్బాయికి కారు, అమ్మాయికి వంట సామాను కొనేముందు ఆ వంట సామానుతో నిజంగా ఆడుతున్నది ఎవరో కనుక్కోండి.

ఒకే రకం తీసుకోవాల్సినవి పక్కన పెట్టండి

కొన్ని వస్తువుల్లో తేడా చూపడం అనవసరం, ఒక్కోసారి తప్పు కూడా. సైకిలు, బడి సంచీ, బూట్లు, వాన కోటు లాంటివి ఇద్దరికీ ఒకే స్థాయిలో ఉండాలి. ఒకరి సైకిలుకు గేర్లు ఉండి, ఇంకొకరిదానికి లేకపోతే ఆ ఇంట్లో సాయంత్రాలు ప్రశాంతంగా గడవవు. వీటిలో రంగు మాత్రం వేరుగా ఉండనివ్వండి. ఆ రంగును పిల్లలే ఎంచుకోవాలి. ఇద్దరూ ఒకే రంగు కోరితే అదే ఇచ్చేయండి, పేరు రాసిన చిన్న బిళ్ల కట్టండి. కవలలు ఒకే రంగు కోరకూడదన్న నియమం ఏమీ లేదు.

డబ్బు ఇచ్చేటప్పుడు కూడా అంతే. 116 రూపాయలు పెట్టి, కవరు మీద ఇద్దరి పేర్లూ కలిపి రాసే అలవాటు చాలామందికి ఉంది. రెండు కవర్లు తీసుకోండి, ఒక్కోదానిలో 116 పెట్టండి, ఒక్కోదాని మీద ఒక్క పేరే రాయండి. అంత ఇవ్వలేకపోతే చెరో 51 ఇచ్చినా ఫర్వాలేదు కానీ, కవరు మాత్రం చెరొకటి ఉండాలి.

బట్టల విషయంలో నా అభిప్రాయం కాస్త గట్టిది. బతుకమ్మకు ఇద్దరికీ ఒకే లంగా, ఒకే జాకెట్టు వేసి ఫోటో తీయాలని పెద్దవాళ్లకు ఉంటుంది. ఆ ముచ్చట పెద్దవాళ్లది. కావాలంటే ఒకే తాను నుంచి లంగాలు కుట్టించి, జాకెట్టు బట్టను ఎవరికి వారిని ఎంచుకోనివ్వండి. ఫోటోలో జత కనిపిస్తుంది, ఎవరి జాకెట్టు వాళ్లదిగానూ ఉంటుంది. కుట్టించేటప్పుడు దర్జీకి ఒక్కరి కొలతలే ఇవ్వకండి. అచ్చు గుద్దినట్టు ఉన్న కవలల్లో కూడా ఎత్తులో, భుజాల్లో, నడుములో తేడా ఉంటుంది. బిగుతుగా ఉన్న జాకెట్టు ఎవరికి వస్తే ఆ పిల్లకు పండగ పూటంతా చిరాకే.

మూడు సమానాలు చూసుకోండి

ఇప్పుడు దుకాణానికి వెళదాం. వేర్వేరు వస్తువులు కొనేటప్పుడు పిల్లల కంటికి కనిపించేవి మూడు: పెట్టె ఎంత పెద్దది, లోపల ఎన్ని వస్తువులున్నాయి, విప్పగానే ఆడుకోవచ్చా లేదా. ధర గురించి పెద్దవాళ్లు బాధపడతారు కానీ ఆరేళ్ల పిల్లకు అది కనిపించదు. 700 రూపాయల చిన్న డబ్బా ఒకరికి, 300 రూపాయల పెద్ద డబ్బా మరొకరికి ఇస్తే, 700 రూపాయల పిల్లే ఏడుస్తుంది. పిల్లలు ఎనిమిదీ తొమ్మిదీ దాటి ధరల చీటీలు చదవడం మొదలుపెట్టాక డబ్బు లెక్క కూడా చూసుకోవాలి. అప్పుడు కూడా పది ఇరవై రూపాయల తేడాకు కంగారు పడనక్కర్లేదు.

మూడోదాన్ని చాలామంది మరిచిపోతారు. ఒకరి బొమ్మ విప్పగానే తిరుగుతుంది, మరొకరిదానికి బ్యాటరీలు లేవు. లేదా ఒకరిది వెంటనే వాడుకునేది, మరొకరిది నాన్న కూర్చుని గంటసేపు బిగించాల్సింది. ఆ గంటలోనే తగవు మొత్తం జరిగిపోతుంది. బ్యాటరీలు ముందే కొని వేయించండి. బిగించాల్సింది ఉంటే ఇద్దరికీ అలాంటిదే తీసుకోండి, లేదంటే ఇద్దరికీ వద్దు.

శ్రావ్య, సహజల పెట్టెలను ఇలా నింపవచ్చు.

శ్రావ్యకు పిడి ఉన్న పెద్ద భూతద్దం కొనండి. ఈ వయసుకు గాజుదాని కంటే ప్లాస్టిక్‌ది నయం, రెండు మూడు రెట్లు పెద్దగా చూపిస్తే సరిపోతుంది. దానితోపాటు గదులున్న మూత డబ్బా ఒకటి. పెద్దవాళ్లు మాత్రలు పెట్టుకునే డబ్బా కంటే పెద్దది, పూసల దుకాణాల్లో దొరికే రకం అయితే బాగుంటుంది. అందులో ఆమె ఏరిన రాళ్లు పెట్టుకుంటుంది. ఒక గీతల్లేని నోటు పుస్తకం, ఒక పెన్సిల్ కూడా. మొత్తం నాలుగు వస్తువులు.

సహజకు వేళ్లకు తొడిగే గుడ్డ బొమ్మలు కొన్ని కొనండి, దారంతో కట్టిన ఒక జట్టుగా. మొద్దు మొనల చిన్న కత్తెర ఒకటి, గుడ్డ మీద కూడా అంటుకునే జిగురు ఒకటి, రంగు గుడ్డ ముక్కల సంచీ ఒకటి. ఈ ముక్కలకు డబ్బు అక్కర్లేదు. మీ వీధిలో జాకెట్లు కుట్టే దర్జీని అడిగితే పట్టు అంచులు, జరీ ముక్కలు, పూల వాయిలు గుప్పెడు ఇస్తారు. ఆమెకు దుకాణంలో కొన్న బొమ్మ కంటే ఆ జరీ ముక్కలే ఎక్కువ నచ్చే అవకాశం ఉంది. సూది దారం ఇప్పుడే వద్దు, ఇంకో రెండేళ్లు ఆగవచ్చు. ఇవీ నాలుగు వస్తువులే.

ఇప్పుడు రెండు పెట్టెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. సంఖ్య సమానమే. రెండింటినీ ఒకే కొలత చెప్పుల డబ్బాల్లో సర్దితే పరిమాణమూ సమానమే. మూడోది తప్పింది. పుట్టినరోజు వేడుక రాత్రి ఏడింటికి. సహజ బొమ్మలు తొడుక్కుని వెంటనే ఆట మొదలుపెడుతుంది. శ్రావ్యకు మాత్రం భూతద్దంతో చూడటానికి ఏమీ లేదు, బయట చీకటి. రాళ్ల డబ్బా ఖాళీగా ఉంది. ఖాళీ డబ్బాను బహుమతిగా ఇచ్చినట్టు అవుతుంది. అందుకని డబ్బాలోని గదుల్లో ముందే కొన్ని పెట్టి ఇవ్వండి: ఒక రాతి ఉప్పు గడ్డ, నాలుగు చింతగింజలు, సీతాఫలం గింజ, ఒక పావురం ఈక, చిన్న శంఖం. అద్దం కింద ఉప్పు గడ్డ అంచులు, ఈక పోగులు ఎలా ఉంటాయో ఆ రాత్రే చూస్తుంది. మిగిలిన గదులు ఖాళీగానే వదిలేయండి, వాటిని ఆమే నింపుకోవాలి.

భూతద్దం ఇచ్చినప్పుడు ఎండలో దాన్ని ఆకుల మీద, కాగితం మీద, చర్మం మీద నిలిపి ఉంచితే కాలుతుందని, దానితో సూర్యుణ్ణి చూడకూడదని పిల్లకూ తల్లికీ చెప్పండి. కత్తెర వాడేటప్పుడు పెద్దవాళ్లు పక్కన ఉండాలనీ చెప్పండి. రెండు హెచ్చరికలూ ఇద్దరి ముందూ చెప్పండి. ఎందుకంటే ఆ వస్తువులు ఆ రాత్రికే చేతులు మారతాయి.

బొమ్మలు కొనేటప్పుడు డబ్బా మీద ఐఎస్‌ఐ గుర్తు చూడండి. 2021 జనవరి 1 నుంచి పిల్లల ఆట బొమ్మలకు అది తప్పనిసరి. రిజిస్టరైన చేతివృత్తి కళాకారులు చేసిన బొమ్మలకు మినహాయింపు ఉంది. కాబట్టి నిర్మల్ బొమ్మ మీదో, చేరియాల ముసుగు మీదో ఆ గుర్తు లేదని కంగారు పడకండి. పొనికి చెక్కతో చేసే నిర్మల్ బొమ్మలు తేలికగా, అందంగా ఉంటాయి. కానీ నేలకేసి కొట్టే వయసు పిల్లలకు అవి ఆట వస్తువులు కావు, గోడ అరలో పెట్టుకునేవి. పదేళ్ల కవలలకు ఇస్తే బాగుంటాయి. ఒకరికి పక్షి, మరొకరికి జంతువు అని ఎంచుకోవడానికి వీలుంటుంది. పరిమాణం ఒకేలా ఉండేట్టు చూసుకోండి.

చేతికి ఇచ్చే పద్ధతి

రెండు డబ్బాలకు రెండు వేర్వేరు కాగితాలు చుట్టండి. ఒక్కోదాని మీద ఒక్క పేరే, పెద్ద అక్షరాలతో. అక్షరం తప్పు పోకూడదు. అచ్చు గుద్దినట్టున్న పిల్లలకు తమ పేరు సరిగ్గా చూసుకోవడమే ఒక బహుమతి. ఇద్దరిలో ఎవరెవరో మీకు గుర్తుపట్టడం కష్టమైతే, ముందే తల్లిని అడిగి ఒక గుర్తు తెలుసుకోండి, గడ్డం మీద పుట్టుమచ్చో, ముందు పన్నులో సందో. రిబ్బను రంగును నమ్మకండి, ఆ రోజు మార్చేసి ఉండవచ్చు. అయినా తెలియకపోతే ‘నీ పేరు చెప్పు తల్లీ’ అని సూటిగా అడగండి. తప్పు పేరుతో పిలవడం కంటే, ‘కవలలూ ఇలా రండి’ అని మందలా పిలవడం కంటే అదే మర్యాద.

ఇద్దరికీ ఒకేసారి, రెండు చేతులతో ఇవ్వండి, ఒకేసారి విప్పనివ్వండి. ఎందుకు ఆ వస్తువు తెచ్చారో ఒక్కొక్కరికీ వేరుగా చెప్పండి. ‘నువ్వు చెరువు కట్ట మీద రాళ్లు ఏరుతావట కదా, అందుకని.’ ‘నువ్వు బొమ్మలకు చీరలు కడతావని అమ్మ చెప్పింది.’ అత్తమ్మకు తన గురించి తెలుసని ఆ పిల్లకు అర్థమవుతుంది. ‘దానిది ఇంకా బాగుంది కదా’ అన్న మాట మాత్రం సరదాకు కూడా అనకండి. పక్కనున్న చుట్టాలెవరైనా అంటే మాట మార్చేయండి. పోలిక మొదలుపెట్టేది పిల్లలు కాదు, చాలాసార్లు పెద్దవాళ్లే.

కేకు గురించి కూడా ఒక మాట, అది మీ చేతిలో పనైతే. కిలో కేకు ఒకటి తెచ్చి ఇద్దరి పేర్లూ ఇరికించి రాయించడం కంటే అరకిలోవి రెండు తెస్తే ఎవరి కొవ్వొత్తులు వారు ఊదుకుంటారు.

మొదటి రాత్రి తగవును చూసి తీర్పు చెప్పకండి

వేర్వేరు బహుమతులు విప్పిన గంటలోపు ఇద్దరికీ రెండోవారిదే కావాలనిపిస్తుంది. అది మామూలే. అది చూసి ‘నేను ముందే చెప్పాను, ఒకటే తేవాల్సింది’ అని ఎవరో అంటారు. పట్టించుకోకండి. ఆ రాత్రి ఒక్క నియమం చాలు: ఎవరి వస్తువు వారిది, తీసుకోవాలంటే అడగాలి, ఇవ్వాలో వద్దో ఆ పిల్ల ఇష్టం. ‘అక్కవి కదా, ఇచ్చెయ్’ అని నాలుగు నిమిషాలు ముందు పుట్టిన పిల్లను బలవంతపెట్టడం ఏ న్యాయం?

నిజంగా ఎంపిక తప్పిందా అన్నది వారం తర్వాత తెలుస్తుంది. ఇద్దరి వస్తువులూ ఇద్దరూ వాడుతుంటే ఏ ఇబ్బందీ లేదు. శ్రావ్య రాళ్లు సహజ బొమ్మలకు కోట గోడలైతే మరీ మంచిది, మనం నేర్పకపోయినా అలా కలుపుకుంటారు. ఒకరి వస్తువు కోసం ఇద్దరూ పోట్లాడుతూ, రెండోదాన్ని ఎవరూ ముట్టకుండా మూలన పడేస్తే మాత్రం ఆ రెండోది తప్పు ఎంపిక. అప్పుడు పరుగెత్తి వెళ్లి మొదటిదాని జత కొనకండి. దసరా దాకా ఆగండి. అప్పటికి కూడా అడుగుతూనే ఉంటే, ఎవరు అడిగారో ఆ పిల్లకే అది కొనండి, రెండోవారికి దానికి సమానమైన వేరొకటి.

కవలల్లో ఒకరికే స్నేహితురాలైన పిల్ల పుట్టినరోజుకు వస్తే ఏం చేయాలని అలాంటి పిల్లల తల్లులు అడుగుతుంటారు. బడిలో ఇద్దరూ వేరు వేరు సెక్షన్లలో ఉంటే ఇది తరచూ ఎదురవుతుంది. ఏడేళ్లు దాటిన పిల్లలకు ఒక్కరికే బహుమతి ఇవ్వడం తప్పు కాదు. వాళ్ల స్నేహాలు కూడా వేరని వాళ్లకు తెలుసు. అంతకంటే చిన్నవాళ్లైతే రెండో పిల్ల చేతిలో పెట్టడానికి ఒక చిన్న చాక్లెటో, పెన్సిలో సంచీలో ఉంచుకోండి.

నాలుగు రోజుల తర్వాత మీరు కరీంనగర్ నుంచి ఫోను చేస్తారు. స్పీకరు పెట్టించి ‘నేను తెచ్చినవి ఎలా ఉన్నాయి?’ అని ఇద్దరినీ కలిపి అడిగితే ఎవరు గట్టిగా అరిస్తే వారి జవాబే వస్తుంది. ‘ముందు సహజకు ఇవ్వు, తర్వాత శ్రావ్యతో మాట్లాడతాను’ అని మరదలికి చెప్పండి. ‘డబ్బాలో కొత్తగా ఏం చేరింది?’ ‘పట్టు చీర ఏ బొమ్మకు కట్టావు?’ అని అడగండి. వచ్చిన జవాబులను ఇద్దరి పేర్లతో విడివిడిగా ఫోనులో రాసి పెట్టుకోండి. వచ్చే ఏడాది మరదలిని అడగాల్సిన ప్రశ్నలు అందులోనే దొరుకుతాయి.